సారాంశంలో బాకీ మాయమైందా? మసకబారిన స్కాన్‌లో ఎక్కడ వెతకాలి

విశాఖలో పాత ఇంటి స్థలం కొనేవాళ్లు లాయరు గారికి లింకు డాక్యుమెంట్లు ఇచ్చేటప్పుడు ఎక్కువగా జిరాక్స్‌కి జిరాక్సే ఇస్తారు. మధురవాడలో ఫోనుతో ఫొటో తీస్తారు, వాట్సాప్‌లో పంపుతారు, ఆఫీసులో దాన్ని బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి టెక్స్టుగా మారుస్తారు. ఆ టెక్స్టు చదివి జూనియర్ ఒక పేజీ సారాంశం రాస్తారు. టెక్స్టులో పిచ్చి అక్షరాలు కనిపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు. తప్పు చదివినా సరైన తెలుగు పదమే వస్తే మాత్రం ఎవరూ ఆగరు. ఈ గైడు ముఖ్యంగా అలాంటి తప్పుల గురించే.

లక్షణం: సొమ్మంతా ముట్టిందని సారాంశం చెబుతోంది, కానీ దస్తావేజులో గడువు షరతు ఉంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద తీసిన అమ్మకపు అగ్రిమెంటు. అందులో వాక్యం ఇది: "మొత్తం రూ. 4,80,000లలో మీరు చెల్లించిన రూ. 3,50,000 మరియు చెల్లించని రూ. 1,30,000..." ఓసీఆర్ రెండు చోట్లా "చెల్లించిన" అనే చదివింది. సారాంశంలో "కొనుగోలుదారు రూ. 4,80,000 పూర్తిగా చెల్లించారు" అని వచ్చింది. వాక్యం నున్నగా ఉంది, కూడిక కూడా సరిపోయింది. లక్షా ముప్ఫై వేల బాకీ మాత్రం కాగితం మీద లేకుండా పోయింది.

కారణం

"చెల్లించిన", "చెల్లించని" మధ్య తేడా ఒక్క గుడి ఏ అక్షరం మీద ఉందన్నదే. డాట్ మ్యాట్రిక్స్‌లో గుడి కొన్ని చుక్కల గీత మాత్రమే. రిబ్బన్ అరిగితే ముందు పోయేది అదే. జిరాక్స్ తీసినప్పుడు ఇంకొంచెం పోతుంది. ఫోను స్కానర్ యాప్‌లో "బ్లాక్ అండ్ వైట్" పెడితే మిగిలిన లేత బూడిద రంగు చుక్కలు కూడా తెల్లగా మారతాయి. అప్పుడు "ని" కాస్తా "న"లా కనిపిస్తుంది.

"చెల్లించన" అనే మాట లేదు. ఇప్పటి ఓసీఆర్ ఇంజిన్లు అక్షరాన్ని ఒంటరిగా చూడవు, చుట్టూ ఉన్న వరసను బట్టి తేల్చుకుంటాయి. అందుకే నేర్చుకున్నప్పుడు ఎక్కువగా చూసిన "చెల్లించిన" వైపే మొగ్గుతాయి. స్పెల్ చెక్ కూడా దీన్ని పట్టదు, అది సరైన పదమే కాబట్టి.

పరిష్కారం

ముందు బొమ్మను బాగుచేయాలి. అసలు కాగితం దొరికితే 300 డీపీఐలో, అక్షరం చిన్నదైతే 400లో, గ్రేస్కేల్‌గా తిరిగి స్కాన్ చేయండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్ వద్దు. వాట్సాప్‌లో రప్పించుకోవాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, లేకపోతే అది కుదించేస్తుంది. 150 డీపీఐ బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేసినంత మాత్రాన పోయిన గుడి తిరిగి రాదు.

డాట్ మ్యాట్రిక్స్ అయితే చుక్కలు కలిసేలా కొద్దిగా మసక చేయడం మేలు. మసక ప్రింటును ఇంకా మసక చేయడమేమిటి అనిపిస్తుంది గానీ, విడివిడి చుక్కల కంటే కలిసిన గీతే ఇంజిన్‌కి తేలిక. బొమ్మను బాగుచేసే ఇమేజ్‌మ్యాజిక్, ఓసీఆర్ చేసే టెసరాక్ట్ ఉంటే ఇలా:

```
magick page.png -colorspace Gray -blur 0x1 -normalize clean.png
tesseract clean.png out -l tel+eng --psm 6 txt tsv
```

రెండో ఆజ్ఞతో టెక్స్టుతో పాటు ఒక పట్టిక వస్తుంది. అందులో ప్రతి పదం పక్కనా ఇంజిన్‌కి ఎంత నమ్మకమో 0 నుంచి 100 లోపు ఉంటుంది. 70 కన్నా తక్కువ ఉన్న పదాలను ముందు చూడండి. కానీ అక్కడితో ఆగిపోవద్దు. పైన చెప్పిన లాంటి తప్పుకు మంచి మార్కులే పడవచ్చు, ఎందుకంటే అది ఇంజిన్‌కి బాగా తెలిసిన పదం.

అందుకే ప్రమాదకరమైన పదాలను మార్కులతో సంబంధం లేకుండా వెతకాలి. "ంచు"తో ముగిసే క్రియలన్నిటికీ ఈ జబ్బు ఉంది: అంగీకరించిన, అంగీకరించని, సమర్పించిన, సమర్పించని, గుర్తించిన, గుర్తించని.

```
grep -nE 'ంచిన|ంచని' out.txt
```

వచ్చిన ప్రతి వరసనూ బొమ్మలో పెద్దది చేసి కంటితో చూడాలి. ఒక దస్తావేజులో ఇవి కొన్నే ఉంటాయి, పెద్ద పనేం కాదు. "లేదు", "కాదు" కూడా ఇలాగే చూడండి. అవి వరస చివర పడితే, కుట్టిన కట్టను స్కాన్ చేసినప్పుడు కుట్టు మడతలోకి పోయి మొత్తంగానే కనబడకుండా పోవచ్చు.

గుడి కంటికీ తేలకపోతే అదే దస్తావేజులో ఇంకోచోట సాక్ష్యం వెతకాలి. మన ఉదాహరణలో రెండు పేరాల కింద "సదరు మిగులు సొమ్ము గడువులోగా ఇచ్చి రిజిస్టరు చేయించుకొనవలెను" అని ఉంది. అంతా ముట్టి ఉంటే మిగులు ఎక్కడిది? సారాంశం రాసేవాళ్లు ఈ రెండు వాక్యాలనూ ఎదురెదురుగా పెట్టి చూసి ఉంటే తప్పు అక్కడే దొరికేది.

లక్షణం: స్థలం విస్తీర్ణం నమ్మలేనట్టు ఉంది

266.66 చదరపు గజాలు కాస్తా 26666 అయితే ఎవరైనా గుర్తుపడతారు. స్కానర్‌లో మచ్చలు తుడిచే సెట్టింగు దశాంశ బిందువును కూడా మచ్చ అనుకుని తుడిచేసింది, దాన్ని ఆపండి. టెన్షన్ పెట్టేది 6ను 8గా చదివితే వచ్చే 286.66. అది నమ్మేలా ఉంటుంది. దీనికి లెక్కే మందు. కొలతలు 40 అడుగులు, 60 అడుగులు అని ఉంటే 2400 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 266.66 గజాలు. పక్కన చదరపు మీటర్లు ఉంటే గజాలను 0.8361తో గుణించండి, దాదాపు 222.95 రావాలి. 286.66కైతే దాదాపు 239.7 వస్తుంది. సొమ్ముకైతే అంకెలనూ అక్షరాల్లో రాసినదాన్నీ పోల్చాలి.

లక్షణం: బొమ్మ స్పష్టంగా ఉంది, ఓసీఆర్ ఉన్నది ఉన్నట్టే చదివింది, అయినా అంకె తప్పు

ఇది అరుదు, కానీ ఉంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాల్లో దీన్ని బయటపెట్టారు. ఒక ప్లానులో మూడు గదులకు వేర్వేరు విస్తీర్ణాలు ఉంటే, స్కాన్‌లో మూడింటికీ 14.13 అని వచ్చింది. ఓసీఆర్ అసలు వాడలేదు. ఫైలు సైజు తగ్గించడానికి యంత్రం ఒకేలా ఉన్న చిన్న ముక్కలను ఒకటిగా లెక్కగట్టి, ఒకదాని స్థానంలో ఇంకోదాన్ని అతికించింది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. ఇలాంటి తప్పు బొమ్మను ఎంత పెద్దది చేసి చూసినా కనబడదు, కాగితంతో పోల్చాల్సిందే. భద్రపరిచే ప్రతిని ఎప్పుడూ ఎక్కువ నాణ్యతలో, కుదింపు తక్కువగా ఉంచి తీయండి.

ఇవేవీ పనిచేయకపోతే

కాగితం మీదే గుడి లేకపోతే ఏ సెట్టింగూ దాన్ని పుట్టించలేదు. రిజిస్టరైన దస్తావేజైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఆ వరస చూడండి. రిజిస్టరు కాని అగ్రిమెంటైతే రెండో పక్షం దగ్గరున్న ప్రతిని అడగాలి. అప్పటిదాకా సారాంశంలో ఆ వాక్యాన్ని సొంత మాటల్లోకి మార్చకండి. "చెల్లించి[?]న రూ. 1,30,000 - పేజీ 2, వరస 14, అక్షరం తేలలేదు" అని రాసి, ఆ వరస బొమ్మను కత్తిరించి పక్కన అతికించండి.