ఇంట్లో మయోనైజ్ చేసే ముందు

తెలంగాణలో 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించారు. మన వంటింటి మిక్సీని తనిఖీ చేసేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి, మండీ అన్నంలోకి మనమే చేసుకునేటప్పుడు ఇవి చూసుకోవాలి.

• గుడ్డును బయట కడిగితే సరిపోదు. జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా పెంకు లోపల కూడా ఉండొచ్చు, వాసనలో తేడా తెలియదు. నిమ్మరసం పిండితే చచ్చిపోతుందని నమ్మకండి.

• పాశ్చరైజ్ చేసిన గుడ్డు దొరికితే అదే వాడండి. లేదంటే రెండు పచ్చసొనలు, రెండు పెద్ద చెంచాల నీళ్లు, ఒక చెంచా నిమ్మరసం స్టీలు గిన్నెలో కలిపి, మరిగే నీళ్ల ఆవిరి మీద ఆపకుండా తిప్పండి. వంట థర్మామీటర్ 71 డిగ్రీల సెల్సియస్ చూపగానే గిన్నెను ఐసు నీళ్లలో పెట్టాలి. ఫోన్ చూస్తూ నిలబడితే మిగిలేది గుడ్డు పొరటే! చల్లారాక నూనెను సన్నటి ధారగా పోస్తూ గిలక్కొట్టండి.

• థర్మామీటర్ లేదా? అయితే గుడ్డు మానేయండి. అరకప్పు చల్లటి పాలు, కప్పు నూనెతో హ్యాండ్ బ్లెండర్‌లో చిక్కగానే వస్తుంది. ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే నేనైతే ఇదే చేస్తాను.

• ఏది చేసినా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మే నెల ఎండల్లో గంటకు మించి బయట ఉంటే పారేయడమే.