ప్యాకెట్ బరువుల జెడ్-టెస్ట్: జవాబు కలవకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

విశాఖలో డిగ్రీ స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు పరీక్షల ముందు వాట్సాప్‌లో ప్రశ్నపత్రం ఫొటో పెట్టి, కింద "సార్, ఆన్సర్ కలవట్లేదు" అని రాస్తారు. ప్యాకెట్ బరువుల లెక్కలో అయితే వాళ్లకు వచ్చిన తప్పు అంకె చూస్తే చాలు, ఎక్కడ జారారో చాలావరకు చెప్పేయవచ్చు. అందుకే ఇక్కడ ఒకే లెక్క తీసుకుని, తప్పు జవాబు నుంచి కారణానికి వెళ్దాం.

ఫొటోలో లెక్క ఇది అనుకోండి. గాజువాకలో కాఫీ పొడి ప్యాక్ చేసే ఒక యూనిట్, తన ప్యాకెట్ల సగటు బరువు కనీసం 500 గ్రాములు ఉంటుందని చెబుతోంది. నింపే మెషీన్ పాత రికార్డుల ప్రకారం పాపులేషన్ స్టాండర్డ్ డీవియేషన్ 9 గ్రాములు. 36 ప్యాకెట్లు తూచితే సగటు 497.3 గ్రాములు వచ్చింది. 5 శాతం లెవెల్ దగ్గర యూనిట్ మాట నిలుస్తుందా?

సరైన లెక్క రెండు లైన్లే, ముందు స్టాండర్డ్ ఎర్రర్ SE, తర్వాత జెడ్:

```
SE = σ / √n = 9 / √36 = 1.5
z = (497.3 - 500) / 1.5 = -1.8
```

సమస్య: జెడ్ -0.3 వచ్చింది

2.7 ని నేరుగా 9 తో భాగించారు, √n మర్చిపోయారు. దీన్ని పరాకు అని కొట్టిపారేయకండి. దీని వెనక చాలామందికి ఒక ఆలోచన ఉంటుంది: "తేడా 2.7 గ్రాములే కదా, ప్యాకెట్లు ఎలాగూ 9 గ్రాములు అటూ ఇటూ ఊగుతాయి, ఇందులో వింతేముంది?" ఒక్క ప్యాకెట్ తూచి 497.3 చూస్తే ఆ మాట నిజమే, అందులో వింతేమీ లేదు. కానీ మన చేతిలో ఉన్నది 36 ప్యాకెట్ల సగటు. ఒకదానిలో తగ్గింది ఇంకోదానిలో పెరిగి సర్దుకుంటుంది కాబట్టి సగటు అంతగా ఊగదు. ప్యాకెట్ ఊపు 9 గ్రాములైతే, 36 ప్యాకెట్ల సగటు ఊపు 1.5 గ్రాములే. అంటే 2.7 గ్రాముల తేడా దాదాపు రెండు స్టాండర్డ్ ఎర్రర్లకు దగ్గరగా ఉంది, తేలిగ్గా తీసుకునేది కాదు.

పరిష్కారం: జెడ్ జోలికి వెళ్లకముందే SE ని విడిగా ఒక లైన్‌లో రాసి, దాని పక్కన "గ్రాములు" అని కూడా రాయండి. అది σ కంటే చిన్నదిగా లేకపోతే అక్కడే ఆగండి.

సమస్య: -0.05 లేదా 163.97 వచ్చింది

ఇది బుర్ర తప్పు కాదు, బ్రాకెట్ తప్పు. కాల్క్యులేటర్‌లో `-2.7 / 9 / 6` అని కొడితే రెండుసార్లు భాగించి -0.05 ఇస్తుంది. `497.3 - 500 / 1.5` అని కొడితే ముందు భాగహారం చేసి 163.97 ఇస్తుంది. పైనా కిందా బ్రాకెట్లు పెడితే సరిపోతుంది.

సమస్య: జెడ్ -5.4 వచ్చింది

ఇక్కడ తప్పు ఫొటోది కావచ్చు. 9 ని వేరియన్స్ అనుకుని, దాని వర్గమూలం 3 తీసుకుంటే SE 0.5 అవుతుంది, జెడ్ -5.4 అవుతుంది. ప్రశ్నలో σ ఉందా, లేక నెత్తిన చిన్న 2 ఉన్న σ² ఉందా అన్నది మసక ఫొటోలో కనబడదు. ట్యూబ్‌లైట్ వెలుగు కాగితం మీద పడి సరిగ్గా ఆ చోటే తెల్లగా మెరుస్తుంది. ఫొటోను పెద్దది చేసి ఊహించకండి, ఇంకోటి తీసి పంపమనండి. అది కుదరకపోతే ఎలా చదువుకున్నారో జవాబు పైన రాసి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టండి.

సమస్య: జెడ్ -1.8 సరిగ్గానే వచ్చింది, నిర్ణయం మాత్రం తిరగబడింది

ఎక్కువ గొడవంతా ఇక్కడే. జెడ్ రాగానే చెయ్యి అలవాటుగా 1.96 వైపు వెళ్తుంది. 1.8 దానికంటే తక్కువ కాబట్టి "నల్ హైపోథిసిస్‌ను తిరస్కరించలేం" అని రాసేస్తారు. పుస్తకం వెనక జవాబు మాత్రం "తిరస్కరించాలి" అని ఉంటుంది.

కారణం "కనీసం" అన్న ఒక్క మాట. యూనిట్ చెబుతున్నది సగటు 500 కి తగ్గదని. అది అబద్ధమయ్యేది సగటు తగ్గినప్పుడే. ఎక్కువ నింపితే ఆ మాట అబద్ధం కాదు. కాబట్టి:

```
H0: μ ≥ 500
H1: μ < 500
```

పరీక్ష ఎడమవైపు మాత్రమే. 5 శాతమూ ఆ ఒక్క కొసకే వెళ్తుంది, కాబట్టి హద్దు -1.645. -1.8 దాన్ని దాటి ఎడమకు పోయింది, H0 ను తిరస్కరించాలి. స్ప్రెడ్‌షీట్‌లో `=NORM.S.DIST(-1.8, TRUE)` అని కొడితే p విలువ 0.0359 వస్తుంది, 0.05 కంటే తక్కువే. ఇదే లెక్కలో "కనీసం" లేకుండా "సగటు బరువు 500 గ్రాములు" అని మాత్రమే ఉంటే రెండు కొసలూ చూడాలి. అప్పుడు p విలువ రెట్టింపై 0.0719 అవుతుంది, తిరస్కరించలేం. అవే అంకెలు, అదే జెడ్, జవాబులు మాత్రం ఎదురెదురు. ఫొటోలో వాక్యం చివర కత్తిరించుకుపోతే పోయేది సరిగ్గా ఇలాంటి మాటే.

పరిష్కారం: అంకెలు ముట్టుకోకముందే H1 రాయండి. 497.3 చూశాక "తక్కువ వచ్చింది కదా" అని ఎడమ కొస ఎంచుకోవడం దొంగాట. దిక్కు చెప్పాల్సింది ప్రశ్నలోని మాట, శాంపిల్ కాదు.

సమస్య: అంతా కలిసింది, అయినా మార్కు పోయింది

చివరి వాక్యం చూసుకోండి. "యూనిట్ మోసం చేస్తోందని రుజువైంది" అని రాస్తే పేపర్ దిద్దేవారు ఊరుకోరు. "5 శాతం లెవెల్ దగ్గర, సగటు 500 గ్రాములకంటే తక్కువని చెప్పడానికి తగిన ఆధారం ఉంది" అనాలి. 1 శాతం లెవెల్ అయితే హద్దు -2.326 కి జరుగుతుంది, అప్పుడు ఇదే శాంపిల్‌తో తిరస్కరించలేం. అలాంటప్పుడు కూడా "సగటు 500 అని తేలింది" అని రాయకూడదు. ఆధారం చాలలేదన్నంత వరకే.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి: ఆ 9 ఎక్కడిది? మెషీన్ రికార్డుల నుంచి ముందే తెలిసినదైతే జెడ్. తూచిన ఆ 36 ప్యాకెట్ల నుంచే లెక్కగట్టినదైతే అది శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్ s, అప్పుడు 35 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో టి-టెస్ట్, హద్దు -1.690. ఈ లెక్కలో నిర్ణయం మారదు గానీ, హద్దుకు దగ్గరగా వచ్చే లెక్కలో మారుతుంది.

నిజంగా తూచేవాళ్లకైతే ఇంకో చిక్కుంది. 36 ప్యాకెట్లూ ఒకే అట్టపెట్టెలోంచి తీస్తే, అవి ఒకే పూట, మెషీన్ ఒకే సెట్టింగ్ మీద ఉన్నప్పుడు నింపినవి కావచ్చు. అన్నీ కలిసి ఒకే వైపు వాలతాయి, σ/√n చూపే 1.5 అసలు ఊపు కంటే చిన్నదవుతుంది. అందుకే వేర్వేరు రోజుల సరుకులోంచి ఏరుకోవాలి. పైగా ఈ పరీక్ష చూసేది సగటును మాత్రమే. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల్లో ఒక్కో ప్యాకెట్‌కూ హద్దు ఉంది. 500 గ్రాముల ప్యాకెట్‌కు అనుమతించే తేడా 15 గ్రాములు. బరువులు నార్మల్ పంపిణీలో ఉండి, సగటు కచ్చితంగా 500, σ 9 అయినా సరే, 485 కంటే తక్కువ తూగేవి వందలో ఐదింటి దాకా ఉంటాయి. జెడ్-టెస్ట్ వాటిని పట్టుకోలేదు, వాటికోసం ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చూడాల్సిందే.