జలుబు మాత్ర వేసుకున్నాక బండి నడపొచ్చా? ఎలా తేల్చుకోవాలి?

నిద్రమాత్ర వేసుకుని ఎవరూ స్టీరింగ్ పట్టుకోరు. జలుబు మాత్ర విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఉండదు. మెదడును మెలకువగా ఉంచే పదార్థాల్లో హిస్టమిన్ ఒకటి. తుమ్ములు, దురద తెప్పించేదీ అదే. చాలా జలుబు మాత్రల్లో ఉండే పాతతరం అలర్జీ మందులు మెదడులోకి కూడా వెళ్లి దాన్ని అడ్డుకుంటాయి, అందుకే మత్తు.

ముందుగా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదవండి. కంపెనీ పెట్టిన పేరు చూస్తే ఏమీ తెలియదు. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజీన్ అని ఉంటే మత్తు ఖాయమనుకోండి. సెట్రిజిన్‌తో మత్తు తక్కువే కానీ కొందరికి బాగానే వస్తుంది. దగ్గు సిరప్ కూడా వాడుతుంటే దాని మీదా చదవండి. రెండింటిలోనూ ఒకే మందు ఉండి, తెలియకుండానే డోసు రెట్టింపయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత టైము లెక్క చూసుకోండి. చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక లారీ డ్రైవర్ రాత్రి పదింటికి క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్ర వేసుకుని, పొద్దున అయిదింటికి బయలుదేరాడనుకుందాం. పెద్దవాళ్లలో ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పట్టొచ్చు. అంటే ఏడు గంటలు పడుకుని లేచినా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర వస్తున్నట్టు అనిపించకపోయినా బ్రేక్ మీదికి కాలు ఆలస్యంగా వెళ్తుంది. కాబట్టి "నాకు బాగానే ఉంది" అన్న నమ్మకం చాలదు. బండి లైను తప్పుతుండటం, మీటరు మళ్లీ మళ్లీ చూడాల్సి రావడం, దాటొచ్చిన మలుపు గుర్తులేకపోవడం లాంటివి జరిగితే వెంటనే బండి పక్కన ఆపండి. లేతు, ప్రెస్సు, కటింగ్ మిషన్ దగ్గరైతే స్విచ్ ఆపేసి సూపర్‌వైజర్‌కి చెప్పండి. కాఫీ తాగితే కాసేపు చురుగ్గా అనిపిస్తుందేమో కానీ మందు ప్రభావం పోదు. మద్యం తోడైతే మత్తు ఇంకా పెరుగుతుంది.

డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు "జలుబు చేసింది" అని ఊరుకోకుండా "నేను రోజూ బండి నడుపుతాను", "మిషన్ మీద పని" అని మొదటే చెప్పండి. అలర్జీకైతే ఫెక్సోఫెనడిన్, లోరటాడిన్ లాంటి కొత్తతరం మందులున్నాయి. వీటితో మత్తు చాలా తక్కువ. ఫెక్సోఫెనడిన్‌ను పళ్లరసంతో కాకుండా మంచినీళ్లతో వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. ఏ మందైనా మొదటి మాత్ర మర్నాడు సెలవున్న రాత్రి వేసుకుని, ఆ రోజంతా ఎలా ఉందో గమనించండి.

మూర్ఛ, మానసిక సమస్యలు, తీవ్రమైన నొప్పి వంటివాటికి రాసిన మందులు మత్తుగా ఉన్నాయని మీ అంతట మీరు ఆపకండి. మూర్ఛ మందు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెట్టొచ్చు, అది బండి మీద ఉండగానే రావచ్చు కూడా. డోసు, వేళ మార్చాల్సింది డాక్టరే. ఆ మార్పు ఒంటికి అలవాటయ్యేదాకా వేరే పని ఇవ్వమని పనిచోట గట్టిగా అడగండి.