మార్జిన్ పన్ను లెక్కలో నష్టం కలిసిపోతే

మా పాత సామాన్ల షాపు షీటులో పన్ను తక్కువ వస్తోంది. మార్జిన్ పద్ధతిలో అమ్మిన ధరకూ కొన్న ధరకూ ఉన్న తేడా మీదే పన్ను. 20,000కి కొన్న ల్యాప్‌టాప్ 26,000కి అమ్మితే మార్జిన్ 6,000. 12,000కి కొన్న ఫోన్ 10,000కే పోయింది. షీటు రెండూ కలిపి 4,000 మీద పన్ను వేసింది. వస్తువువారీ లెక్కలో ఫోన్ నష్టం ల్యాప్‌టాప్ లాభాన్ని తగ్గించదు; ఫోన్ మార్జిన్ సున్నా, అంతే. అందుకే ప్రతి వరుసలో, B కొన్న ధర, C అమ్మిన ధరగా, ఇది పెట్టాను:

```
=MAX(0,C2-B2)
```

ఇప్పుడు ఈ రెండిటికీ మొత్తం 6,000 వస్తోంది. ఇంకో ల్యాప్‌టాప్ వరుసలో రిపేరుకైన 1,500ని కూడా ఎవరో కొన్న ధరలో కలిపేశారు, అదీ తీసేశాను. కొన్నప్పటి పన్నుకు క్రెడిట్ తీసుకున్న సరుకైతే ఈ షీటులోకే రాకూడదు.