హిందీ లింగం తప్పులు: మా పాపకి ఇలా కుదిరింది

ఒంగోల్లో నాలుగు నెలలుగా మా పాప హిందీ నోటుబుక్కులో "ఠండీ పానీ" కింద ఎర్రగీతే. పానీ పుంలింగం, "ఠండా" అనాలి. "ఈ"తో ముగిస్తే స్త్రీలింగం అన్న సూత్రం, జాబితాల బట్టీ, ఊహ, ఏవీ నిలవలేదు. మనకి పుస్తకమైనా రొట్టైనా "పడింది" అంటే సరిపోతుంది కదా!

చివరికి మాటని ఒంటిగా నేర్పడం మానేశా. మేరా పానీ, మేరా దహీ, మేరీ కితాబ్ అని జతగానే పలికించా. నోటికొచ్చాక మధ్యలో విశేషణం: మేరా ఠండా పానీ. ఆ తర్వాతే క్రియ: పానీ గిరా, కితాబ్ గిరీ.

కర్త పక్కన "నే" ఉన్న వాక్యంలో ఆ కర్తని వేలితో మూయమన్నా. "సీతా నే ఆమ్ ఖాయా", "సీతా నే రోటీ ఖాయీ". తిన్నది సీతే అయినా, క్రియ చూసేది తిన్న వస్తువునే. కర్మకి "కో" తగిలితే ఈ కిటుకు పనిచేయదు, "రామ్ నే సీతా కో దేఖా" అనే అనాలి. "లాల్" లాంటివి అసలు మారవు. మీ పిల్లలకీ కుదురుతుందో లేదో, ముందు పది మాటలతో చూడండి.