వేరియబుల్ పేర్లు మార్చినా కాపీ ఎందుకు దొరుకుతుంది?

నల్లగొండలో మా ల్యాబ్ జూనియర్లకు ఒక మాట. అసైన్‌మెంట్ సబ్మిట్ చేసే ముందు రాత్రి ఫ్రెండ్ కోడ్ తెచ్చుకుని పేర్లు మార్చితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కోడ్ కాపీని పట్టే మాస్, జేప్లాగ్ లాంటి టూల్స్ పేర్లను అసలు లెక్కలోకే తీసుకోవు. ఈ రెండు లైన్లు చూడండి.

```
for (i = 0; i < n; i++) sum += a[i];
for (k = 0; k < count; k++) total += marks[k];
```

పోల్చే ముందు టూల్ కామెంట్లు, ఖాళీలు తీసేస్తుంది. సులువుగా చెప్పాలంటే, ప్రతి పేరు V, ప్రతి అంకె N అయిపోతుంది. అప్పుడు రెండు లైన్లకూ మిగిలేది ఇదొక్కటే:

```
for (V = N; V < V; V++) V += V[V];
```

మాస్ ఈ వరుసను ఒకదానిమీద ఒకటి పడే చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఒక హ్యాష్ నంబర్ కట్టి, వాటిలో కొన్నింటిని వేలిముద్రల్లా దాచుకుంటుంది. ఆ ముక్క ఫైల్‌లో ఎక్కడున్నా నంబర్ అదే. అందుకే ఫంక్షన్లను పైకీ కిందికీ జరిపినా పెద్దగా తేడా రాదు.

అయితే ఇలాంటి ఒక్క లూప్ కలిసినంత మాత్రాన కాపీ అని కాదు, అది అందరూ అలాగే రాస్తారు. వరుసగా చాలా లైన్లు, అందులోనూ ఎవరికీ అవసరం లేని ఒక వింత కండిషన్ కూడా రెండిట్లో కనిపిస్తేనే అనుమానం గట్టిపడుతుంది. టూల్ చూపించేది పోలిక మాత్రమే, తేల్చాల్సింది సారే.

సార్ ఇచ్చిన స్టార్టర్ కోడ్ అందరిలో ఉంటుంది కదా అని టెన్షన్ పడకండి. మాస్‌కు `-b` తో ఆ ఫైల్ ఇస్తే, ఆ భాగాన్ని పోలికలోంచి తీసేస్తుంది.