సహకార సంఘాల ఆడిట్ – పాఠం 4: రసీదు నంబర్ల వెంట నడవడం

పోయిన పాఠంలో నగదు నిల్వ లెక్క చూశాం. ఈసారి రైతు కట్టిన అప్పు కిస్తు పుస్తకాల్లోకి ఎప్పుడు ఎక్కిందో పట్టుకుందాం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఈ తప్పే, ఎందుకంటే నష్టం నేరుగా రైతుకు తగులుతుంది.

అభ్యాసం కోసం వరంగల్ జిల్లాలో ఒక సొసైటీ అనుకుందాం. ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన ఒక రైతు, పంట రుణం అసలు 50,000 రూపాయలూ వడ్డీతో సహా ఫిబ్రవరి 10న కట్టేశాడు. గడువు ఫిబ్రవరి 28. రసీదు నంబర్ 341. నగదు పుస్తకంలో మాత్రం ఆ డబ్బు మార్చి 28న జమ అయింది. మధ్యలో 46 రోజులు అది కార్యదర్శి చేతిలో ఉంది.

నగదు పుస్తకాన్ని తేదీల వరుసలో చదివితే ఇది కనబడదు. జమ ఉంది, మొత్తం సరిపోయింది, బ్యాంకులో కట్టారు. అందుకే ముందు రసీదు పుస్తకం పట్టుకోండి. నంబర్ల వరుసలో ఒక్కో రసీదూ నగదు పుస్తకంలో ఏ తేదీన ఉందో పెన్సిల్‌తో రాయండి. 340, 342 రెండూ ఫిబ్రవరి 10నే ఉండి, 341 ఒక్కటే మార్చిలో తేలితే అక్కడ ఆగాలి. కార్బన్ కాపీ మీద తేదీ మార్చి 28 అనే ఉండవచ్చు. అసలు రసీదు రాసేటప్పుడు కార్బన్ పెట్టకుండా, తర్వాత కాపీని విడిగా నింపుతారు. కాబట్టి రైతు ఇంటికి వెళ్లి ఆయన దగ్గరున్న రసీదు, పాస్‌బుక్ చూడక తప్పదు. పెద్ద బాకీదారులతో పాటు, మార్చి చివరి వారంలో జమ అయిన ఖాతాలు కొన్ని తప్పకుండా ఎంచుకోండి. సభ్యుల చిరునామాలు కార్యదర్శిని అడగకుండా సభ్యత్వ రిజిస్టర్ నుంచి తీసుకోండి.

ఇప్పుడు నష్టం లెక్క. 50,000 మీద 7 శాతం చొప్పున 46 రోజుల వడ్డీ సుమారు 441 రూపాయలు. అయితే గడువులోగా కట్టినవాళ్లకు వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఈ ఖాతాకు రాకుండా పోయింది. అంతకు ముందు ఏడాది మార్చి 1న తీసుకున్న అప్పు అయితే అది దాదాపు 1,420 రూపాయలు. పైగా గడువు మీరినట్టు ఆయన పేరు బాకీల జాబితాకెక్కింది.

“డబ్బు తిరిగి కట్టేశాను కదా సార్” అంటారు కార్యదర్శి. కట్టినా అది తాత్కాలిక దుర్వినియోగమే. కార్యదర్శి వివరణ రాతపూర్వకంగా తీసుకోండి. నివేదికలో రైతు రసీదు తేదీ, జమ తేదీ, మొత్తం, ఆ రోజుల్లో నగదు ఎవరి బాధ్యతలో ఉందో రాయండి. “దొంగతనం” అనే మాట వద్దు, అది తేల్చేది మీరు కాదు. ఇలాంటివి వార్షిక నివేదిక పూర్తయ్యేదాకా ఆపకుండా ప్రత్యేక నివేదికగా జిల్లా సహకార అధికారికి పంపాలి. 1964 సహకార సంఘాల చట్టం కింద సెక్షన్ 51 విచారణకైనా, సెక్షన్ 60 కింద సొమ్ము రాబట్టడానికైనా మీరు జత చేసే ఆ రసీదు నకలే ఆధారం. అసలు రసీదు మాత్రం రైతుకే తిరిగి ఇచ్చేయండి.

వచ్చే పాఠం: ఎరువుల గోదాము నిల్వ.